చల్క నేలల్లో తడి జల్లెడ పరీక్ష: దుక్కి వల్ల కలిగిన నిర్మాణ నష్టాన్ని ఇసుక దాచిపెట్టే తీరు

సారాంశం

నల్లగొండ, మహబూబ్‌నగర్ ఉమ్మడి జిల్లాల ఎర్ర చల్క నేలల్లో ఏళ్ల తరబడి పదేపదే సాగిన దుక్కి వల్ల నేల నిర్మాణం ఎంత దెబ్బతిన్నదో తెలుసుకోవడానికి కణ సముదాయాల నీటి స్థిరత్వం మంచి కొలమానం. అయితే ముతక ఇసుక, గరప అధికంగా ఉండే ఈ నేలల్లో తడి జల్లెడ పరీక్షను యథాతథంగా చేస్తే జల్లెడపై నిలిచిన ఇసుక కూడా స్థిరమైన సముదాయాల లెక్కలో చేరిపోతుంది. దెబ్బతిన్న నేల బాగున్నట్లు కనిపిస్తుంది. ఇసుక సవరణ, తగిన పోలిక నేల ఎంపిక, రెండు విధాల తడుపు అనే మూడు జాగ్రత్తలతో ఈ లోపాన్ని తొలగించే విధానాన్ని ఒక లెక్కతో సహా ఈ వ్యాసం వివరిస్తుంది.

ఉపోద్ఘాతం

దక్షిణ తెలంగాణ మెట్ట భూముల్లో అధిక భాగం గ్రానైటు, నైస్ శిలల శైథిల్యం వల్ల ఏర్పడిన ఎర్ర నేలలే. దేవరకొండ, మునుగోడు, కల్వకుర్తి, అచ్చంపేట ప్రాంతాల రైతులు వీటిని చల్కలు, ఇసుక పాలు మరీ ఎక్కువైతే దుబ్బలు, రాళ్లు కలిస్తే గరప నేలలు అని పిలుస్తారు. శాస్త్ర వర్గీకరణలో వీటిలో ఎక్కువ భాగం ఆల్ఫిసాల్స్ వర్గానికి చెందుతాయి. పై పొరలో బంకమన్ను తక్కువ. ఉన్న బంకమన్నులో కేయోలినైటు ప్రధానం. అందువల్ల నల్లరేగడి వలె ఈ నేలలు ఎండినప్పుడు పగిలి, తడిసినప్పుడు ఉబ్బి, తమ నిర్మాణాన్ని తామే తిరిగి ఏర్పరచుకోలేవు. ఒకసారి చెదిరిన నిర్మాణం మళ్లీ కుదురుకోవాలంటే వేళ్లు, శిలీంధ్ర తంతువులు, సేంద్రియ పదార్థం తోడ్పడవలసిందే.

ఈ మెట్టల్లో ఒకప్పుడు ఆముదం, జొన్న, కంది పంటలు విస్తారంగా సాగయ్యేవి. తరువాతి కాలంలో ఆ స్థానాన్ని చాలా వరకు పత్తి ఆక్రమించింది. ఎడ్ల నాగలి స్థానంలో ట్రాక్టరు కల్టివేటరు, దాని వెనుక రోటవేటరు వచ్చాయి. పత్తి సాళ్ల మధ్య కలుపు కోసం గుంటకను అనేకసార్లు తోలడం వాడుక. ఇన్నిసార్లు కదిపిన నేలలో తొలకరి వాన పడగానే పైపొర మెత్తబడి, ఎండ తగలగానే అట్ట కడుతుంది. మొలకలు అట్టను చీల్చుకొని రాలేక చాళ్లలో ఖాళీలు ఏర్పడతాయి. వాన నీరు ఇంకక పారిపోతుంది. అట్టను పగలగొట్టడానికి రైతు మళ్లీ గుంటక తోలుతాడు. ఈ చక్రంలో దుక్కి పాత్ర ఎంత, నేల సహజ స్వభావం పాత్ర ఎంత అన్నది విస్తరణ శాస్త్రవేత్త తేల్చవలసిన ప్రశ్న. దానికి కంటి చూపు చాలదు. కొలత కావాలి.

గట్టిదనం వేరు, స్థిరత్వం వేరు

కొలతకు ముందు ఒక భేదాన్ని స్పష్టం చేసుకోవాలి. వేసవిలో చల్క నేల రాయిలా బిగుసుకుపోతుంది. అప్పుడు గడ్డపారతో లేచిన మట్టి పెళ్ల చేతితో నలిపినా విరగదు. ఇంత గట్టి మన్నుకు నిర్మాణం దెబ్బతిన్నదని ఎలా అంటారని రైతు ప్రశ్నిస్తే అది సహేతుకమైన ప్రశ్నే. అదే పెళ్లను ఒక పళ్లెంలోని నీటిలో ఉంచితే కొద్ది నిమిషాల్లో కుప్పగా జారిపోతుంది. పొడి స్థితిలోని గట్టిదనం, బంకమన్ను, సన్నని ఒండ్రు కణాలు ఇసుక రేణువుల మధ్య ఎండి అతుక్కోవడం వల్ల వచ్చినది. నీరు తగలగానే ఆ అతుకు వీడిపోతుంది. నిజమైన కణ సముదాయం నీటిలో కూడా తన రూపాన్ని నిలుపుకుంటుంది. కాబట్టి పరీక్ష నీటిలోనే జరగాలి.

నీటిలో సముదాయం విచ్ఛిన్నం కావడానికి ప్రధానంగా మూడు కారణాలున్నాయి. మొదటిది స్లేకింగ్. పొడి సముదాయం హఠాత్తుగా తడిసినప్పుడు చుట్టూ నుంచి నీరు చొరబడి, లోపలి రంధ్రాల్లోని గాలి ఇరుక్కుంటుంది. ఆ గాలి పీడనం పెరిగి సముదాయాన్ని లోపలి నుంచి చిట్లిస్తుంది. రెండవది చినుకుల తాకిడి, నీటి కదలిక వంటి యాంత్రిక బలం. మూడవది సోడియం ప్రభావం వల్ల బంకమన్ను రేణువులు ఒకదాని నుంచి ఒకటి విడిపోయి నీటిలో తేలియాడడం. ఎండి ఉన్న చల్కపై తొలకరి వాన పడినప్పుడు మొదటి రెండూ ఏకకాలంలో పనిచేస్తాయి.

పదేపదే దుక్కి ఈ బలహీనతను ఎలా పెంచుతుందన్నది టిస్‌డాల్, ఓడ్స్ 1982లో ప్రతిపాదించిన నమూనా చక్కగా వివరిస్తుంది. దాని ప్రకారం 0.25 మి.మీ. కంటే చిన్న సూక్ష్మ సముదాయాలను దీర్ఘకాలం నిలిచే సేంద్రియ పదార్థం, ఆక్సైడులు, బంకమన్ను కలిపి ఉంచుతాయి. వాటిని దుక్కి అంతగా మార్చలేదు. 0.25 మి.మీ. కంటే పెద్ద సముదాయాలను కలిపి ఉంచేవి ప్రధానంగా సన్నని వేళ్లు, శిలీంధ్ర తంతువులు. నాగలి, రోటవేటరు తెంచేది వీటినే. లోపల దాగిన సేంద్రియ పదార్థానికి గాలి తగిలేలా చేసి అది త్వరగా కుళ్లిపోయేలా చేసేదీ దుక్కే. అందువల్ల దుక్కి నష్టం మొదట కనిపించేది 0.25 మి.మీ. గీతకు పైన. తడి జల్లెడ పరీక్షలో ఆ జల్లెడకు అంత ప్రాధాన్యం ఉండడానికి కారణమిదే.

పరీక్షా విధానం

నీటిలో జల్లెడల దొంతరను పైకీ కిందికీ కదిపే పద్ధతిని యోడర్ 1936లో ప్రచురించారు. 1949లో వాన్ బావెల్ ఆ ఫలితాన్ని సగటు భార వ్యాసం అనే ఒకే అంకెగా చెప్పే మార్గం చూపారు. 1986లో కెంపర్, రోసెనావు ఒకే జల్లెడతో చేసే సులభ పద్ధతిని ప్రామాణికం చేశారు. ఇక్కడ వివరించేది యోడర్ పద్ధతి.

నమూనా సేకరణతోనే సగం ఫలితం నిర్ణయమవుతుంది. దుక్కి చేసిన వెంటనే గానీ, నేల మరీ తడిగా ఉన్నప్పుడు గానీ మట్టి తీయరాదు. పంట కోత తరువాత, వేసవి దుక్కికి ముందు, నేలలో కొద్దిపాటి పదును ఉన్నప్పుడు తీయడం అనువైనది. 0–15 సెం.మీ. లోతు నుంచి పారతో మట్టిని పలకగా కోసి, నలగకుండా గట్టి డబ్బాలో పెట్టాలి. పాలిథీన్ సంచిలో కుక్కి బస్సులో తెచ్చిన మట్టిలో దారిలోనే సముదాయాలు పగిలిపోతాయి. వేళ్ల, శిలీంధ్రాల చురుకుదనాన్ని బట్టి స్థిరత్వం కాలానుగుణంగా మారుతుంది. కాబట్టి పోల్చదలచిన నేలలన్నిటి నుంచి ఒకే రోజు నమూనాలు తీయాలి. ఒక్కో నేలలో కనీసం ఐదు చోట్ల తీసి, వాటిని కలపకుండా విడివిడిగా పరీక్షించాలి. పొలంలోని సహజ హెచ్చుతగ్గులు ఎంతో తెలిస్తేనే, నేలల మధ్య కనిపించిన తేడా నిజమైనదో కాదో చెప్పగలం.

ప్రయోగశాలలో పదునుగా ఉన్న పెళ్లలను వాటి సహజమైన విరుపు గీతల వెంట చేతితో మెల్లగా విడదీసి, 4.75 మి.మీ. జల్లెడ గుండా పంపి, నీడలో ఆరబెట్టాలి. రోకలితో దంచరాదు. కొన్ని చోట్ల 5–8 మి.మీ. సముదాయాలను మాత్రమే ఏరి పరీక్షించే అలవాటు ఉంది. చల్క నేలల్లో అది తప్పుదారి పట్టిస్తుంది. రోటవేటరు నలిపిన పొలంలో ఆ పరిమాణంలో మిగిలినవి అతి కొద్ది. అవి అన్ని దెబ్బలనూ తట్టుకొని మిగిలినవి. వాటినే ఏరి పరీక్షిస్తే పొడిగా మారిపోయిన మిగతా మట్టి లెక్కలోకే రాదు. అందుచేత మొత్తం మట్టి నుంచి నిష్పత్తి చెడకుండా నమూనా తీసుకోవాలి.

జల్లెడలను పై నుంచి కిందికి 2, 1, 0.5, 0.25, 0.1 మి.మీ. క్రమంలో అమర్చాలి. ఓవెన్‌లో ఆరిన బరువు ప్రకారం 50 గ్రాములకు సమానమైన మట్టిని పై జల్లెడలో సమంగా పరచాలి. డ్రమ్ములో నీటిని నింపి, 10 నిమిషాలు మునగనిచ్చి, నిమిషానికి 30 కదలికల చొప్పున 30 నిమిషాల పాటు యంత్రాన్ని నడపాలి. పూర్తిగా పైకి లేచిన స్థితిలో కూడా పై జల్లెడలోని మట్టి నీటి మట్టానికి కిందనే ఉండాలి. అది బయటికి వస్తే ప్రతి కదలికలోనూ మట్టి నీటిని చీల్చుకొని దూకవలసి వస్తుంది, విచ్ఛిన్నం ఎక్కువవుతుంది. సన్న జల్లెడల కింద గాలి బుడగలు నిలిస్తే నీరు సరిగా పారక ఫలితం పెరుగుతుంది. దొంతరను కొద్దిగా వంచి నీటిలోకి దించితే ఈ ఇబ్బంది ఉండదు.

వాడే నీటి విషయంలో ఈ జిల్లాల్లో ప్రత్యేక జాగ్రత్త అవసరం. బోరు నీటిలో కరిగిన లవణాలు ఎక్కువగా ఉంటే బంకమన్ను విడిపోకుండా అవి ఆపుతాయి. నేల ఉన్నదానికంటే స్థిరంగా కనిపిస్తుంది. వాన నీటిలో ఆ లవణాలు ఉండవు. కాబట్టి పరీక్షకు డిస్టిల్డ్ నీరే వాడాలి.

యంత్రం ఆపిన తరువాత ఒక్కో జల్లెడపై నిలిచిన మట్టిని 105 డిగ్రీల సెల్సియస్ వద్ద ఆరబెట్టి తూచాలి. డ్రమ్ములో దిగిన మట్టిని కూడా ఆరబెట్టి కలిపితే మొత్తం 50 గ్రాములకు చాలా దగ్గరగా రావాలి. ఒకటి రెండు గ్రాములకు మించి తేడా వస్తే ఎక్కడో మట్టి పోయినట్లే. ఆ ఫలితాన్ని వదిలేయాలి.

ఇసుక సవరణ

ఇక్కడితో పరీక్ష ముగిసిందనుకోవడమే చల్క నేలల్లో జరిగే ప్రధానమైన పొరపాటు. 0.25 మి.మీ. జల్లెడపై నిలిచినదంతా సముదాయం కాదు. అంతకంటే పెద్దదైన ప్రతి ఇసుక రేణువు, ప్రతి గరప రాయి, ఇనుప ఆక్సైడుతో బిగిసిన ప్రతి గులక, నేల ఎంత పాడైనా, ఆ జల్లెడపై నిలిచే తీరుతుంది. నీటిలో గంటల తరబడి కదిపినా ఇసుక రేణువు ఇసుక రేణువే. నల్లరేగడిలో ముతక ఇసుక తక్కువ కాబట్టి ఈ లోపం చిన్నది. చల్కలో మట్టిలో సగం బరువు ముతక ఇసుకే కావచ్చు. అక్కడ ఇదే ఫలితాన్ని శాసిస్తుంది.

సవరణ కష్టమైనది కాదు. తూచిన మట్టిని తిరిగి 0.5 శాతం సోడియం హెక్సామెటాఫాస్ఫేటు ద్రావణంలో నానబెట్టి, స్టిర్రరుతో బాగా కలియబెట్టి, అదే జల్లెడపై కడగాలి. సముదాయాలన్నీ విడిపోయి ఇసుక, గరప మాత్రమే మిగులుతాయి. వాటిని ఆరబెట్టి తూచాలి. తేలే వేళ్ల ముక్కలను ముందే తీసివేయాలి. ఆ బరువును లవం నుంచి, హారం నుంచి కూడా తీసివేయాలి:

స్థిర సముదాయాల శాతం = (0.25 మి.మీ. పైన నిలిచిన మొత్తం − అందులోని ఇసుక) ÷ (నమూనా మొత్తం − అదే ఇసుక) × 100

సగటు భార వ్యాసం విషయంలో ఈ సవరణ మరింత అవసరం. ఆ లెక్కలో ఒక్కో జల్లెడపై నిలిచిన భాగాన్ని ఆ తరగతి సగటు వ్యాసంతో గుణించి కూడతారు. 4.75–2 మి.మీ. తరగతి సగటు వ్యాసం 3.375 మి.మీ. 50 గ్రాముల నమూనాలో 2 గ్రాముల గరప ఆ జల్లెడపై నిలిస్తే చాలు, దానివల్లనే 2 ÷ 50 × 3.375, అంటే 0.135 మి.మీ. ఫలితానికి కలుస్తుంది. ఒక చెంచాడు రాళ్లు ఇంత ప్రభావం చూపితే, ఆ అంకెను సవరించకుండా నేల నిర్మాణం గురించి మాట్లాడడం సాధ్యం కాదు.

ఒక లెక్క

విధానం స్పష్టం కావడానికి కల్వకుర్తి వైపు చల్కను పోలిన ఒక పరిస్థితిని ఊహిద్దాం. కింది అంకెలు లెక్క చేసే తీరు చూపడానికి ఎంచుకొన్నవి మాత్రమే. ఏ పొలం కొలతలూ కావు. ఏళ్ల తరబడి కల్టివేటరు, రోటవేటరుతో దున్ని పత్తి వేస్తున్న పొలం ఒకటి. దాని పక్కనే ఎన్నడూ దున్నని వెడల్పాటి గట్టు. కొద్ది దూరంలో అదే వాలు మీద గడ్డి పెరిగిన బీడు. ప్రతి నమూనా 50 గ్రాములు. పొడి మట్టిని హఠాత్తుగా ముంచిన పరీక్షలో 0.25 మి.మీ. పైన నిలిచినవి ఇలా ఉన్నాయనుకుందాం:

| నేల | నిలిచిన మొత్తం (గ్రా.) | అందులో ఇసుక (గ్రా.) | సవరణ లేని శాతం | సవరించిన శాతం |
|---|---|---|---|---|
| పత్తి పొలం | 32.0 | 25.0 | 64 | 28 |
| గట్టు | 34.0 | 17.0 | 68 | 52 |
| బీడు | 36.0 | 24.0 | 72 | 46 |

సవరణ లేని శాతాలను మాత్రమే చూసినవారికి పొలానికి, గట్టుకు మధ్య 4 శాతం తేడా కనిపిస్తుంది. ఐదు నమూనాల మధ్య సహజంగా ఉండే హెచ్చుతగ్గుల్లో ఆ తేడా కలిసిపోతుంది. దుక్కి వల్ల నష్టమేమీ లేదని నివేదిక వెలువడుతుంది. ఇసుకను తీసివేసి చూస్తే పొలంలో 7 గ్రాములు మాత్రమే నిజమైన సముదాయాలు. ఇసుక కాని 25 గ్రాముల్లో అవి 28 శాతం. గట్టులో 33 గ్రాములకు 17 గ్రాములు, అంటే 52 శాతం. పొలంలో స్థిరత్వం దాదాపు సగానికి పడిపోయింది. మొదటి లెక్కలో ఆ నష్టాన్ని కప్పిపుచ్చింది పొలంలో అదనంగా ఉన్న 8 గ్రాముల ఇసుక.

ఇందులో మరొక విషయం ఉంది. పలకగా పారే వాన నీరు సన్నని కణాలను ముందుగా కొట్టుకుపోయి, ముతక ఇసుకను పొలంలోనే వదిలేస్తుంది. అంటే నేల ఎంతగా కోతకు గురైతే పై పొరలో ఇసుక పాలు అంతగా పెరగవచ్చు, సవరణ లేని అంకె అంతగా మెరుగుపడవచ్చు. కోత పెరిగేకొద్దీ నేల బాగుపడుతున్నట్లు పరీక్ష చెప్పే విపరీత స్థితి ఏర్పడుతుంది.

పోలిక నేల ఎంపిక

సవరించిన అంకెలతో పొలాన్ని గట్టుతో పోల్చి, 24 శాతం నష్టమంతా దుక్కి వల్లనే అని తేల్చవచ్చా? తేల్చరాదు. గట్టులో ఇసుక 17 గ్రాములు, పొలంలో 25. ఇసుకను లెక్క నుంచి తీసివేశాం కానీ, రెండు నేలల బంకమన్ను ఒకటే అని దాని అర్థం కాదు. బంకమన్ను ఎక్కువగా ఉన్న మట్టిలో దుక్కి ఉన్నా లేకున్నా సముదాయాలు ఎక్కువగానే నిలుస్తాయి. గట్టు ఎక్కడి మట్టితో కట్టారో విచారించాలి. లోతు నుంచి తవ్విన మట్టి అయితే అది కింది పొరది. ఆల్ఫిసాల్స్‌లో కింది పొరలో బంకమన్ను ఎక్కువ. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో చెరువుల పూడిక తీసి, రైతులు ఆ మట్టిని పొలాలకు తోలుకున్నారు. చెరువు మట్టి పడిన పొలాన్ని పడని బీడుతో పోల్చినా, అదే మట్టి పడిన గట్టును పడని పొలంతో పోల్చినా, కొలిచేది దుక్కిని కాదు, పూడిక మట్టిని.

అందుచేత ప్రతి చోటా హైడ్రోమీటరుతో బంకమన్ను శాతం చూడాలి. పైన చెప్పిన లెక్కలో బీడు ఇసుక 24 గ్రాములు, పొలానికి దగ్గర. బంకమన్ను కూడా దగ్గరగా ఉందని తేలితే పోలిక నేలగా బీడే తగినది. అప్పుడు తేడా 46 − 28, అంటే 18 శాతం. గట్టుతో కనిపించిన 24లో మిగిలినది చాలా వరకు మట్టి స్వభావంలోని తేడాగా భావించవచ్చు. చెట్టు నీడలోని నేల, పశువులు తొక్కే బాట, ఇల్లు కట్టి వదిలేసిన స్థలం పోలికకు పనికిరావు. మొదటిదానిలో ఆకు రాలిన సేంద్రియ పదార్థం ఫలితాన్ని పెంచుతుంది, రెండవదానిలో తొక్కుడు తగ్గిస్తుంది, మూడవదాని మట్టి ఎక్కడిదో తెలియదు.

రెండు విధాల తడుపు

తేడా ఎంతో తెలిసిన తరువాత, అది ఎందువల్ల వచ్చిందో తెలియాలి. దీనికి అదే మట్టిని మరొక విధంగా తడిపి పరీక్షించాలి. తడి ఇసుక పరుపు మీద వడపోత కాగితం పరిచి, దానిపై మట్టిని ఉంచితే నీరు కింది నుంచి మెల్లగా ఎక్కుతుంది. లోపలి గాలి బయటికి పోవడానికి సమయం దొరుకుతుంది, స్లేకింగ్ చాలా వరకు తప్పుతుంది. తరువాత ఆ మట్టిని చెదరకుండా జల్లెడలోకి మార్చి యథావిధిగా కదపాలి. లె బిస్సొనైస్ 1996లో ప్రతిపాదించిన విధానంలో కూడా హఠాత్తుగా తడపడం, మెల్లగా తడపడం వేర్వేరు పరీక్షలు కావడానికి కారణమిదే.

మన లెక్కలో మెల్లగా తడిపినప్పుడు పొలంలో 37.0 గ్రాములు, బీడులో 38.3 గ్రాములు నిలిచాయనుకుందాం. ఇసుక మారదు. సవరించిన శాతం పొలంలో 12 ÷ 25, అంటే 48. బీడులో 14.3 ÷ 26, అంటే 55. హఠాత్తుగా తడిపినప్పుడు 18 ఉన్న తేడా ఇప్పుడు 7కు తగ్గింది. పొలంలో సముదాయాలు పూర్తిగా నశించలేదు, కానీ ఆకస్మిక తడుపును తట్టుకునే శక్తిని కోల్పోయాయి అన్నది దీని భావం. పొడి నేలపై పడే తొలకరి వానే దీనికి గండం. ఒకవేళ మెల్లగా తడిపినా తేడా 18 దగ్గరే ఉండి ఉంటే, బంధక పదార్థమే హరించుకుపోయిందని, నేల కోలుకోవడానికి చాలా కాలం పడుతుందని అర్థం చేసుకోవాలి.

డ్రమ్ములోని నీటిని కూడా గమనించాలి. పరీక్ష ముగిసిన కొద్దిసేపటికి మట్టి అడుగుకు దిగి నీరు తేటపడితే విచ్ఛిన్నం స్లేకింగ్ వల్ల జరిగినది. మరునాటికి కూడా నీరు ఎర్రగా, మసకగానే ఉంటే బంకమన్ను విడిపోతున్నది. బైకార్బొనేటు, సోడియం ఎక్కువగా ఉన్న బోరు నీటితో తడిపే పొలాల్లో ఇది సంభవం. అక్కడ ఉదజని సూచికను, మార్పిడి సోడియం శాతాన్ని పరీక్షించకుండా నేరాన్ని దుక్కి మీద మోపడం సరికాదు.

ఫలితాన్ని సలహాగా మార్చేటప్పుడు

స్థిరత్వం తగ్గిందని తేలగానే దుక్కి పూర్తిగా మానమని సలహా ఇవ్వడం చల్కలకు సరిపడదు. హైదరాబాదులోని కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ తన హయత్‌నగర్ క్షేత్రంలోని ఎర్ర నేలలో, జొన్న–ఆముదం పంట మార్పిడిలో, 1995లో మొదలుపెట్టిన దీర్ఘకాల ప్రయోగంలో దుక్కి తగ్గించిన మడుల కంటే సాధారణ దుక్కి చేసిన మడులే అధిక దిగుబడినిచ్చాయి. బిగుసుకునే స్వభావం గల నేల కాబట్టి, దాన్ని కొంత వదులు చేయకుంటే నీరు ఇంకదు, వేరు దిగదు, కలుపు అదుపులో ఉండదు. ఆ ప్రయోగంలోనే గ్లైరిసిడియా కొమ్మల ఆకు చేర్చడం నేల నాణ్యతకు మేలు చేసింది. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ ఎర్ర నేలల ప్రయోగాల్లో దుక్కి వల్ల పెరిగిన నీటి ఇంకుడు కొన్ని వానలకే తగ్గిపోగా, నేలపై పరచిన గడ్డి నీటి పారుదలను తగ్గించింది.

ఈ రెండు అనుభవాలను పై లెక్క పక్కన ఉంచితే సలహా దానంతటదే రూపు దిద్దుకుంటుంది. తేడా ప్రధానంగా ఆకస్మిక తడుపులో కనిపించిన పొలానికి మొదటి అవసరం తొలకరి నాటికి నేలపై ఏదో ఒక కప్పు ఉండడం. పత్తి కట్టెను తగలబెట్టకుండా ముక్కలు చేసి పరచడం, గట్లపై గ్లైరిసిడియా పెంచి ఆకు వేయడం ఇందుకు మార్గాలు. దుక్కి విషయంలో మొదట మానవలసినది నేలను పొడి చేసే రోటవేటరు వాడకం, పొడి నేలలో చేసే అదనపు దుక్కి. పదునులో ఒకసారి కల్టివేటరు తోలడాన్ని ఈ పరీక్ష తప్పుపట్టదు. మెల్లగా తడిపినా తేడా తగ్గని పొలానికి కప్పు ఒక్కటే చాలదు. అక్కడ పశువుల ఎరువు, కంది వంటి వేరు లోతుగా పోయే పంటతో మార్పిడి కొన్నేళ్లు సాగాలి.

సలహా పాటించిన తరువాత మార్పు వచ్చిందా లేదా అన్నది కూడా ఇదే పరీక్షతో తేలాలి. అదే కాలంలో, అవే ఐదు చోట్ల, అదే బీడుతో పోల్చి మళ్లీ కొలవాలి. బీడు అంకె కూడా మారి ఉంటే అది ఆ ఏటి వాన ప్రభావం. పొలం, బీడుల మధ్య తేడా తగ్గితేనే అది యాజమాన్యం వల్ల వచ్చిన మార్పు.

ముగింపు

తడి జల్లెడ పరీక్ష ఒక యంత్రం, ఐదు జల్లెడలు, ఒక త్రాసుతో పూర్తయ్యే సులువైన పరీక్ష. దాని అంకె మాత్రం చల్క నేలల్లో సులువుగా చదవగలిగినది కాదు. హెక్సామెటాఫాస్ఫేటుతో కడిగి ఇసుక బరువు తీసివేయని ఫలితాన్ని ఈ నేలల విషయంలో నిర్మాణ నష్టానికి గానీ, నష్టం లేదనడానికి గానీ సాక్ష్యంగా స్వీకరించరాదు. నివేదికల్లో స్థిరత్వ శాతంతో పాటు ఇసుక సవరణ చేశారా, పోలిక నేల ఏది, దాని బంకమన్ను ఎంత, మట్టిని ఏ విధంగా తడిపారు అన్న నాలుగు వివరాలు ఉన్నప్పుడే ఒక మండలంలోని ఫలితాన్ని మరొక మండలంలోని ఫలితంతో పోల్చడం సాధ్యమవుతుంది.